మెంబర్‌కి డెలివరీ ఛార్జీ ఎందుకు పడిందో బిల్లే చెప్పాలి

ఉచిత డెలివరీ ఇస్తామనే యాప్ మెంబర్‌షిప్‌కి ముందే డబ్బు కట్టిన మనిషికి చెక్‌అవుట్‌లో డెలివరీ ఛార్జీ పడితే, దాని పక్కనే కారణం కూడా రాసి ఉండాలి. ఈ వ్యాసంలో నేను వాదించేది ఈ ఒక్క విషయమే. ప్రతి ఆర్డరుకీ ఉచిత డెలివరీ ఇవ్వమని అడగడం లేదు. షరతులు పెట్టొద్దని కూడా అనడం లేదు. షరతు వల్ల ఛార్జీ పడితే అది ఏ షరతో అక్కడే చెప్పాలి. అలా చెప్పకపోతే, నియమం ప్రకారం పడిన ఛార్జీ ఏదో, యాప్‌లో లోపం వల్ల పడిన ఛార్జీ ఏదో కట్టేవాడికి తెలిసే దారి లేదు.

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఉండే మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ గొడవ తరచూ వింటుంటాను. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లు. సాయంత్రం అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోంచి బయటపడి ఇల్లు చేరాక పెరుగుకో కూరగాయలకో మళ్లీ కిందికి దిగే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే మూడు నెలలకో ఏడాదికో మెంబర్‌షిప్ తీసుకుంటారు. తీసుకున్నాక కూడా బిల్లులో ముప్పై, నలభై రూపాయలు కనిపిస్తాయి. కొంతమంది తిట్టుకుని కట్టేస్తారు. కొంతమంది చూడను కూడా చూడరు.

నాకు ఎదురైన ఒక బిల్లు వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు మెలిక అందులోనే ఉంది. ఆ యాప్ మెంబర్‌షిప్ పేజీలో 199 రూపాయలు, ఆపైన ఉన్న ఆర్డర్లకి డెలివరీ ఉచితం అని ఉంది. నా కార్ట్‌లో గుడ్లు, పెరుగు, బ్రెడ్, టమాటాలు కలిపి 236 రూపాయలు అయ్యాయి. చెక్‌అవుట్‌లోకి వెళ్లగానే యాప్ తనంతట తానే ఒక కూపన్ వేసి 40 రూపాయలు తగ్గించింది. ఆకుపచ్చ అక్షరాల్లో ఎంత ఆదా అయిందో పెద్దగా చూపించింది. దాని కింద చిన్న అక్షరాల్లో డెలివరీ ఫీజు 30 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 5 రూపాయల 40 పైసలు. హ్యాండ్లింగ్ ఛార్జీ వేరే ఉంది కానీ అది మెంబర్లకీ పడేదే కాబట్టి దాన్ని పక్కన పెడతాను.

జరిగింది ఇది. యాప్ 199 పరిమితిని సరుకుల అసలు మొత్తం మీద చూడలేదు. కూపన్ పోగా మిగిలిన మొత్తం మీద చూసింది. 236లో 40 తీసేస్తే 196. పరిమితికి మూడు రూపాయలు తక్కువ. అందుకని డెలివరీ ఫీజు తిరిగి వచ్చి కూర్చుంది. కూపన్ వల్ల నలభై తగ్గి, డెలివరీ వల్ల ముప్పై అయిదు రూపాయల నలభై పైసలు పెరిగింది. నిజంగా మిగిలింది నాలుగు రూపాయల అరవై పైసలు.

కూపన్ ఉంచేసి పన్నెండు రూపాయల కొత్తిమీర కట్ట ఒకటి కలిపి చూశాను. సరుకులు 248, కూపన్ పోగా 208. పరిమితి దాటింది, డెలివరీ ఫీజు సున్నా అయింది. అంతకుముందు 231 రూపాయల 40 పైసలున్న బిల్లు 208కి దిగింది. అంటే ఒక వస్తువు ఎక్కువ కొంటే బిల్లు 23 రూపాయల 40 పైసలు తగ్గింది. దుకాణంలో ఇలాంటి బిల్లు ఇస్తే ఎవరైనా ఆగి అడుగుతారు. ఫోన్ మీద అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ ఫీజు ఎందుకు వేయాలో యాప్ అప్పటికే లెక్క వేసేసింది. ఈ అకౌంటుకి మెంబర్‌షిప్ ఉందా, గడువు లోపల ఉందా, మొత్తం పరిమితి దాటిందా, అడ్రసు ఆ దుకాణం పరిధిలో ఉందా అని ఒక్కొక్కటే సర్వర్ చూసుకుంటుంది. అన్నీ సరిపోతే ఫీజు సున్నా. ఒక్కటి సరిపోకపోయినా ఫీజు పడుతుంది. ఏది సరిపోలేదో ఆ క్షణంలో సర్వర్‌కి తెలుసు. ‘కూపన్ తర్వాత మొత్తం రూ.196, ఉచిత డెలివరీకి ఇంకా రూ.3 కావాలి’ అని ఒక్క వాక్యం ఫీజు పక్కన వేయడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. కార్ట్ మొదటి పేజీలో ‘ఇంకా ఇంత కొనండి, డెలివరీ ఉచితం’ అని పట్టీ వేయడం ఈ యాప్‌లకి బాగా వచ్చు. మన చేత ఇంకొకటి కొనిపించడానికి వాడే వాక్యాన్ని, మన దగ్గర డబ్బు తీసుకునే చోట కూడా వాడమనే నేను అడుగుతున్నాను.

‘నియమాలన్నీ షరతుల పేజీలో రాసే ఉన్నాయి, చదువుకోవాలి’ అని కంపెనీల తరఫున చాలామంది అంటారు. ఆ పేజీ నేనూ చదువుతాను. కానీ అది మెంబర్‌షిప్ కొన్నప్పటి పేజీ. నెలల తర్వాత ఒక సాయంత్రం, ఒక కూపన్‌తో, ఒక దుకాణం నుంచి వేసిన ఆర్డరుకి అందులో ఏ వాక్యం తగిలిందో అది చెప్పదు. పైగా ఆ పేజీ మారుతుంది. 2025 మేలో దేశంలోని రెండు పెద్ద ఫుడ్ డెలివరీ యాప్‌లు వాన సమయంలో వేసే అదనపు ఫీజు నుంచి మెంబర్లకి ఉన్న మినహాయింపు తీసేశాయి. అప్పటికే డబ్బు కట్టి గడువు మధ్యలో ఉన్నవాళ్లకి కూడా అది వర్తించింది. బెంగళూరులో మే నెల అంటే సాయంత్రం వానల నెల. సరిగ్గా ఎప్పుడు బయటికి వెళ్లలేమో, ఎప్పుడు ఆ మెంబర్‌షిప్ ఎక్కువ అక్కరకు వస్తుందో, అప్పుడే ఆ సౌకర్యం తగ్గిపోయింది. ముందే డబ్బు తీసుకున్న ఒప్పందాన్ని మధ్యలో తగ్గించడం నా దృష్టిలో తప్పు. తగ్గిస్తే పాత మెంబర్లకి గడువు అయ్యేదాకా పాత నియమమే ఉంచాలి, లేదా మిగిలిన రోజులకి డబ్బు వెనక్కి ఇవ్వాలి.

కారణం కనిపించకపోతే జరిగే రెండో నష్టం ఇంకా పెద్దది. నియమం వల్ల కాక, మెంబర్‌షిప్ అసలు ఆ అకౌంటులోనే లేకపోవడం వల్ల ఫీజు పడుతూ ఉంటే అది కూడా బిల్లులో అచ్చంగా అలాగే కనిపిస్తుంది. మా అక్క విషయంలో జరిగింది ఇదే.

అక్క వాళ్లు కె.ఆర్.పురంలో ఉంటారు. ఒకరోజు ఫోన్ చేసి, ‘మొన్నే కదరా మెంబర్‌షిప్‌కి డబ్బులు కట్టాను, మళ్లీ ఈ డెలివరీ ఛార్జీ ఏంటి?’ అంది. బ్యాంకు మెసేజ్ చూసుకుంది, డబ్బు వెళ్లింది. కార్ట్ మొత్తం పరిమితి కంటే బాగా ఎక్కువే. కూపన్ లేదు.

‘అక్కా, కొన్నప్పుడు ఏ ఫోన్‌లో కొన్నావు?’ అని అడిగాను.

‘బావ ఫోన్‌లో. డబ్బులు మాత్రం నా అకౌంటు నుంచే పంపాను.’

అక్కడే ఉంది చిక్కు. ఈ యాప్‌లలో మెంబర్‌షిప్ అతుక్కునేది లాగిన్ అయిన మొబైల్ నంబరుకి. డబ్బు ఎవరి బ్యాంకు నుంచి వెళ్లిందో దానికి అక్కర్లేదు. ఇంటి అడ్రసు ఒకటే అయినా దానికి పట్టదు. బావగారి నంబరుతో లాగిన్ అయి ఉన్నప్పుడు కొన్నారు కాబట్టి మెంబర్‌షిప్ ఆయనది. అక్క తన ఫోన్‌లో, తన నంబరుతో ఆర్డర్ పెట్టినంత కాలం యాప్ దృష్టిలో ఆమె మామూలు కస్టమరే. కొన్ని ప్లాన్లలో ఇంట్లో ఇంకొకరిని చేర్చుకునే వీలుంటుంది, కొన్నిట్లో ఉండదు. కొన్నిట్లో రెండు ఫోన్లలో ఒకే నంబరుతో లాగిన్ కావచ్చు. అక్క వాళ్లు చివరికి అదే చేశారు.

ఆమె చెక్‌అవుట్‌లో ‘ఈ నంబరుకి మెంబర్‌షిప్ లేదు’ అని ఒక్క ముక్క ఉండి ఉంటే మొదటి ఆర్డరులోనే తెలిసిపోయేది. దానికి బదులు అక్కడ ఉన్నది మెంబర్‌షిప్ కొనమని ఒక ప్రకటన. అప్పటికే కొన్నాను కదా అనుకున్న మనిషికి అది మామూలు ప్రకటనలాగే కనిపిస్తుంది, తన అకౌంటు గురించి చెబుతున్న మాటలా కనిపించదు. నిజానికి అదే గుర్తు. మెంబర్‌గా లాగిన్ అయిన అకౌంటులో సాధారణంగా మెంబర్‌షిప్ కొనమని అడగదు, గడువు ఎప్పటిదాకా ఉందో చూపిస్తుంది. కొనమని అడుగుతోందంటే ఆ నంబరు కింద మెంబర్‌షిప్ లేదన్నమాట. మొబైల్ రీఛార్జితోనో క్రెడిట్ కార్డుతోనో వచ్చే మెంబర్‌షిప్‌లలో ఇది మరీ ఎక్కువ. రీఛార్జి చేసినంత మాత్రాన చాలదు, ఆ లింకు తెరిచి యాక్టివేట్ చేసుకోవాలి, అది కూడా సరైన నంబరుతో.

ఇంకో రకం కూడా ఉంది. డబ్బు బ్యాంకులో కట్ అయింది, కానీ యాప్‌కి చేరినట్టు కబురు రాలేదు. మెంబర్‌షిప్ పేజీలో పేమెంట్ పెండింగ్ అని ఉంటుంది. ఇక్కడ చాలామంది టెన్షన్‌తో వెంటనే రెండోసారి కట్టేస్తారు. అలా చేయకండి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది, అది రాసుకోండి. యూపీఐలో మన డబ్బు కట్ అయి వ్యాపారికి నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు డబ్బు దానంతట అదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్ చెబుతోంది. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు పరిహారం. కాబట్టి ఆ 5 రోజుల్లో మెంబర్‌షిప్ అయినా రావాలి, డబ్బయినా రావాలి.

ఇవన్నీ పోగా మిగిలేదే అసలు లోపం. సరైన నంబరు, గడువు ఉంది, మొత్తం పరిమితి దాటింది, కూపన్ లేదు, ఫీజు మాత్రం పడింది. అలాంటప్పుడు నేను ముందుగా చూసేది అడ్రసు. ఫుడ్ ఆర్డర్లలో ఉచిత డెలివరీకి దూరం పరిమితి ఉంటుంది, ఆ దూరం చాలాసార్లు రోడ్డు మీద బండి తిరిగే దూరం. రింగ్ రోడ్డుకి అవతలి వైపున్న హోటల్ కంటికి ఎదురుగానే కనిపిస్తుంది, కానీ బండి యూటర్న్ దాకా వెళ్లి రావాలి. మ్యాప్ పిన్ అపార్ట్‌మెంట్ వెనక గేటు దగ్గర పెట్టారా, ముందు గేటు దగ్గర పెట్టారా అన్నదాన్ని బట్టి కూడా లెక్క మారవచ్చు. షాపింగ్ సైట్లలో అయితే చూడాల్సింది దూరం కాదు, వస్తువు పక్కన మెంబర్‌షిప్ గుర్తు ఉందా లేదా అని. బయటి సెల్లర్ సొంతంగా పంపే వస్తువుకి ఆ గుర్తు ఉండదు. కార్ట్‌లో అయిదు వస్తువులుంటే ఒక్కదాని వల్లే ఛార్జీ పడవచ్చు. ఒక్కొక్కటి తీసేసి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

అడ్రసూ సరిగ్గానే ఉండి, ఫీజు అప్పటికీ కనిపిస్తుంటే డబ్బు కట్టేముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇది చాలా ముఖ్యం. ఆర్డర్ అయ్యాక ఆ చెక్‌అవుట్ పేజీ మళ్లీ రాదు. తర్వాత వచ్చే ఇన్‌వాయిస్‌లో డెలివరీ ఫీజు ఎంతో ఉంటుంది కానీ, ఆ క్షణంలో మీరు మెంబరా కాదా, పరిమితి ఎంత చూపించింది అన్నవేవీ ఉండవు. ఆర్డర్ అయ్యాక కస్టమర్ కేర్ వాళ్లు చూసేది కూడా పూర్తయిన ఆర్డరునే. మూడు తీసుకుంటే చాలు: ఫీజు కనిపిస్తున్న బిల్లు, గడువు తేదీ కనిపిస్తున్న మెంబర్‌షిప్ పేజీ, పరిమితి రాసి ఉన్న షరతుల వాక్యం. మూడోది అసలు మెంబర్‌షిప్ కొన్న రోజునే తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది, పైన చెప్పినట్టు ఆ వాక్యం మధ్యలో మారవచ్చు కాబట్టి.

చాట్‌లో రాసేటప్పుడు ‘మెంబర్‌షిప్ పనిచేయడం లేదు’ అని రాస్తే యాప్ మూసి మళ్లీ తెరవమంటారు, అంతటితో టికెట్ మూసేస్తారు. అక్కడ కూర్చున్నవాళ్ల తప్పు కూడా కాదు, వాళ్ల ముందున్న జవాబులు అవే. అందుకని ఇలా రాయడం మేలు: ఫలానా ఆర్డర్ నంబరు, కూపన్ లేకుండా సరుకుల మొత్తం ఇంత, మీ పరిమితి ఇంత, మెంబర్‌షిప్ ఫలానా తేదీ దాకా ఉంది, అయినా జీఎస్టీతో కలిపి ఇంత డెలివరీ ఫీజు వేశారు, ఏ షరతు కింద వేశారో చెప్పండి, షరతు లేకపోతే డబ్బు కట్టిన ఖాతాకే వెనక్కి పంపండి. ఇందులో ‘ఏ షరతు కింద’ అన్న ప్రశ్న వదలకూడదు. దానికి జవాబు రాయాలంటే ఎవరో ఒకరు ఆ లెక్క తెరిచి చూడక తప్పదు. సాధారణంగా డబ్బుకి బదులు తర్వాతి ఆర్డరుకి కూపన్ ఇస్తామంటారు. ఒప్పుకోనక్కర్లేదు. ఆ కూపనే మళ్లీ మొత్తాన్ని పరిమితి కిందికి లాగవచ్చని మొదటి బిల్లులోనే చూశాం.

చాట్‌లో తేలకపోతే యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, ఈమెయిల్ వెతకండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ వివరాలు పెట్టడం తప్పనిసరి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో జవాబివ్వాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ తర్వాతి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబరు 1915. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. హెల్ప్‌లైన్‌కి తీర్పు చెప్పే అధికారం లేదు, అది మన ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తుంది. ఇలాంటి చిన్న మొత్తాలకి చాలాసార్లు అదే సరిపోతుంది. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చని 2019 చట్టం చెబుతోంది, 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. ముప్పై అయిదు రూపాయల కోసం అక్కడిదాకా ఎవరు వెళ్తారు అంటే, దాదాపు ఎవరూ వెళ్లరు. కారణం చెప్పకపోవడం ఇన్నాళ్లుగా నడుస్తున్నది అందువల్లే.

మూడు నెలలకి 149 రూపాయలు కట్టారనుకోండి. ఒక్కోసారి 35 రూపాయల 40 పైసల చొప్పున అయిదుసార్లు ఫీజు పడితే 177 రూపాయలు. కట్టిన రుసుము అక్కడే దాటిపోయింది. అందుకే ఇది చిన్న మొత్తం అన్న మాట నేను ఒప్పుకోను. విడిగా ఒక ఆర్డరులో చిన్నదే. ముందే డబ్బు తీసుకుని అమ్మిన సేవలో మాత్రం అది మొత్తం సేవ విలువ.

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. 13 రకాల మోసపు డిజైన్లని పేర్లు పెట్టి చెప్పింది. ధరలో కొంత భాగాన్ని ముందు చూపకుండా చివర్లో కలపడం వాటిలో ఒకటి. 2025 జూన్‌లో ఈ-కామర్స్ సంస్థలు మూడు నెలల్లో తమని తామే తనిఖీ చేసుకోవాలని సలహా కూడా ఇచ్చింది. మెంబర్‌కి ఉచితం అని చెప్పి, చెక్‌అవుట్ చివర్లో కారణం లేకుండా ఫీజు కలపడం ఆ మాట పరిధిలోకే వస్తుందని నా వాదన. కానీ మార్గదర్శకాల్లో మెంబర్‌షిప్ ప్రయోజనం వర్తించనప్పుడు కారణం చూపాలని విడిగా ఒక వాక్యం లేదు. అది చేర్చాలి. ఫీజు పడిన వరుసలోనే, ఫీజు ఎంత సైజు అక్షరాల్లో ఉందో కారణం కూడా అంతే సైజులో ఉండాలి. షరతు లేకుండా ఫీజు పడిందని తేలితే, అదే లోపం వల్ల కట్టిన మిగతా మెంబర్లందరికీ, వాళ్లు అడగకుండానే వెనక్కి వేయాలి. ఎవరెవరికి పడిందో కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది.

ఆ నియమం వచ్చేదాకా రెన్యువల్ మన చేతిలో ఉంది. ఆటోపే పెట్టి ఉంటే డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ వచ్చిన రోజున పాత ఆర్డర్ల ఇన్‌వాయిస్‌లు తెరిచి, డెలివరీ ఫీజు సున్నా ఉన్నవి ఎన్ని, పడినవి ఎన్ని అని చూడండి. డెలివరీ ఫీజు పడకపోవడం వల్ల ఆదా అయిన డబ్బు మెంబర్‌షిప్ రుసుము కంటే తక్కువగా ఉంటే, యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి ఆ అనుమతి రద్దు చేయవచ్చు. డెలివరీ యాప్‌లో రద్దు బటన్ ఎక్కడ దాచినా ఇక్కడ దొరుకుతుంది.